నడక తగ్గుతోంది, పని తగ్గలేదు: వర్క్ ఫ్రమ్ హోమ్ కోసం హెచ్ఆర్‌కు ఎలా రాయాలి?

కాళ్లలో బలం నెమ్మదిగా తగ్గిపోయే జబ్బు ఏదైనా ముందు ఇంట్లో వాళ్లకు తెలుస్తుంది. సజ్దా నుంచి లేవడానికి చేయి నేలకు ఆనించాల్సి వస్తుంది. కొన్నాళ్లకు నమాజ్ కుర్చీ మీదకు మారుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగ్ వదలరు. ఆఫీసుకు మాత్రం ఇవేవీ కనిపించవు. అక్కడ కనిపించేది అటెండెన్స్ ఒక్కటే: వారంలో రెండుసార్లు లేటు, నెలలో నాలుగు సెలవులు, మీటింగ్‌కు ఆలస్యం.

చాలా ఇళ్లలో ఈ దశలో ఒకే సలహా వినిపిస్తుంది. "ఆఫీసులో చెప్పకు బేటా, ఉద్యోగం పోతుంది" అంటారు. ఇంట్లో పెళ్లి కావాల్సిన చెల్లెలు ఉంటే రిష్తాల సమయంలో జబ్బు పేరు బయటికి వస్తుందేమో అన్న భయం కూడా కలుస్తుంది. అందుకే డిసేబిలిటీ సర్టిఫికెట్‌కు అప్లై చేయరు, హెచ్ఆర్‌కు చెప్పరు. చివరికి ఉద్యోగి ఫైల్‌లో చేరే మొదటి కాగితం జబ్బు గురించి కాదు, అటెండెన్స్ గురించి ఇచ్చిన వార్నింగ్ లెటర్. ఆ తర్వాత ఎంత నిజం చెప్పినా సాకు చెబుతున్నట్టే ఉంటుంది.

అందుకే ఇంటి నుంచి పని అడిగే ఈమెయిల్ వార్నింగ్ లెటర్ కంటే ముందు వెళ్లాలి. అది ఎలా ఉండాలి, దాని వెనుక ఏ కాగితాలు ఉండాలి, హెచ్ఆర్ ఏమని జవాబిస్తుంది అన్నది ఒక ఉదాహరణతో చూద్దాం.

చట్టం ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

మన దేశంలో దీనికి ఆధారం దివ్యాంగుల హక్కుల చట్టం-2016. ఆఫీసుల్లో దీన్ని ఆర్పీడబ్ల్యూడీ యాక్ట్ అంటారు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఇందులో వర్క్ ఫ్రమ్ హోమ్ హక్కు అని ఎక్కడా రాసి లేదు. ఉన్నది "రీజనబుల్ అకామడేషన్", అంటే తగిన సర్దుబాటు. దివ్యాంగుడైన వ్యక్తి మిగతా వాళ్లతో సమానంగా తన హక్కులు వాడుకోవడానికి అవసరమైన మార్పులు చేయడం, అయితే ఆ మార్పు ఎదుటి పక్షానికి మోయలేని భారం కాకూడదు. చట్టంలోని 2వ సెక్షన్ ఇచ్చే అర్థం స్థూలంగా ఇదే. ర్యాంప్ కట్టడం ఒక సర్దుబాటు, డెస్క్‌ను గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్చడం ఇంకొకటి. పని స్వభావం ఒప్పుకుంటే ఇంటి నుంచి పని చేయనివ్వడం కూడా అలాంటిదే.

అదే సెక్షన్‌లో వివక్ష అంటే ఏమిటో చెబుతూ, తగిన సర్దుబాటు నిరాకరించడాన్ని కూడా వివక్షలోనే చేర్చారు. 3వ సెక్షన్ వైకల్యం కారణంగా వివక్ష చూపడాన్ని నిషేధిస్తుంది. ప్రైవేటు కంపెనీలో ఉన్న వాళ్లు ఆధారపడాల్సింది ముఖ్యంగా ఈ రెండింటి మీద, 21వ సెక్షన్ మీద. ప్రతి సంస్థ ఒక ఈక్వల్ ఆపర్చునిటీ పాలసీని ప్రకటించాలని 21వ సెక్షన్ చెబుతుంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ ఈ విషయాలు చూసుకోవడానికి ఒక లయజన్ ఆఫీసర్‌ను కూడా పెట్టాలని 2017 నాటి రూల్స్‌లో ఉంది.

ప్రభుత్వ ఉద్యోగులకు రక్షణ ఇంకా గట్టిగా ఉంది. ఉద్యోగులకు తగిన సర్దుబాటు చేయాలని 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలను నేరుగా ఆదేశిస్తుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ఉద్యోగం తీసేయడం, హోదా తగ్గించడం కుదరదు. ఉన్న పోస్టుకు సరిపోకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. ఈ సెక్షన్ ప్రైవేటు ఉద్యోగులకు వర్తించదు. ఈ తేడా తెలియక ప్రైవేటు ఉద్యోగి తన ఈమెయిల్‌లో 20వ సెక్షన్ రాస్తే, కంపెనీ లాయర్ దాన్ని ఒక్క లైన్‌తో కొట్టేస్తాడు.

ఇంకో అపోహ 40 శాతం గురించి. రిజర్వేషన్ లాంటి వాటికి సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. తగిన సర్దుబాటుకు ఆ గీత లేదు. వికాష్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టంగా చెప్పింది. సర్టిఫికెట్‌లో 30 శాతం వచ్చినవాళ్లు కూడా సర్దుబాటు అడగవచ్చు. కాకపోతే సమస్య దీర్ఘకాలికమైనదై ఉండాలి. కాలు విరిగి ఆరు వారాలు కట్టు కట్టుకున్న వాళ్లకు కంపెనీ దయతో ఇంటి నుంచి పని ఇవ్వవచ్చు గానీ, అది ఈ చట్టం కిందికి రాదు.

మెయిల్ కంటే ముందు మూడు కాగితాలు

ఒక ఉద్యోగినిని ఉదాహరణగా తీసుకుందాం. వయసు 31. టోలీచౌకీలో ఇల్లు, మాదాపూర్‌లో సుమారు 400 మంది పనిచేసే ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం. వెండర్ల బిల్లులు ఎంటర్ చేయడం, పేమెంట్లు సిద్ధం చేయడం, బ్యాంక్ రికన్సిలియేషన్ చూడటం ఆమె పని. మస్క్యులర్ డిస్ట్రఫీ ఉంది. మూడేళ్ల కింద మెట్లు కష్టమయ్యాయి, ఏడాది నుంచి చేతికర్ర పట్టుకుంటోంది. గత ఆరు నెలల్లో ఆఫీసు పార్కింగ్ దగ్గర ఒకసారి, వాష్‌రూమ్ దారిలో ఒకసారి పడిపోయింది. రానూపోనూ ప్రయాణం రోజుకు రెండు గంటలు.

ఆమెకు కావాల్సిన మొదటి కాగితం డాక్టర్ లెటర్. ఎక్కువ మంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఎంఆర్ఐ ఫిల్ములు, రక్త పరీక్షలు, డిశ్చార్జి సమ్మరీలు అన్నీ స్కాన్ చేసి పంపిస్తారు. హెచ్ఆర్ వాళ్లకు అవి అర్థం కావు, వాళ్లకు అవసరం కూడా లేదు. న్యూరాలజిస్టును ఒక పేజీ లెటర్ అడగాలి. అందులో నాలుగు విషయాలు ఉంటే చాలు: సమస్య దీర్ఘకాలికమైనది, క్రమంగా పెరిగేది. ఏకబిగిన ఎంత దూరం నడవగలరు, ఎంతసేపు నిలబడగలరు. పడిపోయే ప్రమాదం ఉందా. కూర్చుని కంప్యూటర్ మీద చేసే పనికి ఆటంకం ఉందా లేదా. నాలుగోది చాలా ముఖ్యం. అది లేకపోతే లెటర్ చదివిన హెచ్ఆర్ "అసలు ఈమె పని చేయగలదా?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. "బెడ్ రెస్ట్ అవసరం" అని డాక్టర్ అలవాటుగా రాసిస్తే తీసుకోకూడదు. ఆ మాట రాసిన లెటర్ సెలవుకు పనికొస్తుంది, ఇంటి నుంచి పనికి అడ్డం వస్తుంది.

రెండోది డిసేబిలిటీ సర్టిఫికెట్. మనవాళ్లు ఇప్పటికీ సదరం సర్టిఫికెట్ అనే పిలుస్తారు. దేశం మొత్తానికి ఒకే రకంగా ఇచ్చే కార్డును యూడీఐడీ అంటారు, దాని అప్లికేషన్ swavlambancard.gov.in సైట్‌లో ఉంటుంది. మస్క్యులర్ డిస్ట్రఫీ, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లు చట్టం షెడ్యూల్‌లోనే ఉన్నాయి. మోకీళ్లు, నడుము, కీళ్లవాతం లాంటివి కదలికను దెబ్బతీస్తే లోకోమోటర్ డిసేబిలిటీ కింద పరీక్షిస్తారు. పెరిగే జబ్బుకు శాతం మారే అవకాశం ఉంటే సర్టిఫికెట్‌కు గడువు పెట్టి ఇస్తారు. ఆ గడువు తేదీ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. కార్డు చేతికి వచ్చేదాకా మెయిల్ ఆపాల్సిన పని లేదు, అప్లై చేసిన రసీదు జత చేసి పంపవచ్చు.

మూడోది ఉద్యోగే తయారు చేసుకోవాల్సినది: పని లెక్క. నాలుగు వారాల పాటు, ఏ రోజు ఏ పని చేశారు, దానికి ఆఫీసులో ఉండటం అవసరమైందా లేదా అని ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మన ఉదాహరణలోని ఉద్యోగిని లెక్కలో 20 పని దినాలకు గాను 17 రోజులు మొత్తం పని కంప్యూటర్ మీదే సాగింది. రెండు రోజులు చెక్కులు, ఒరిజినల్ బిల్లులు సరిచూడాల్సి వచ్చింది. ఒక రోజు ఆడిటర్ అడిగిన పాత ఫైళ్లు ర్యాక్‌లోంచి తీయాల్సి వచ్చింది. వెండర్ బిల్లుల్లో చాలావరకు ఎలాగూ పీడీఎఫ్‌గానే వస్తున్నాయి. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారాలు ఇతర వ్యాపారాలకు ఇచ్చే బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ తీయాలన్న జీఎస్టీ నిబంధన 2023 ఆగస్టు నుంచి ఉంది కాబట్టి పెద్ద వెండర్లతో ఇబ్బంది లేదు. మిగిలేది చిన్న వెండర్ల కాగితం బిల్లులు. అవి ఎవరో ఒకరు స్కాన్ చేసి పెట్టాలి. రోజుకు 20 నిమిషాల పని.

ఈ 20 నిమిషాలను దాచకూడదు. అదే కంపెనీ మీద పడే అసలు భారం. ఉద్యోగే దాన్ని లెక్కగట్టి చెబితే, అది మోయలేని భారం అనడం ఎదుటివాళ్లకు కష్టమవుతుంది.

ఈమెయిల్ ఇలా ఉంటుంది

ఆఫీసు భాష ఇంగ్లీషే కాబట్టి అసలు మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది. అందులో ఏ వాక్యం ఎందుకుందో తెలియడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం. మెయిల్ హెచ్ఆర్ మేనేజర్‌కు వెళ్తుంది, లయజన్ ఆఫీసర్ ఉంటే వాళ్లకు కాపీ.

*సబ్జెక్ట్: దివ్యాంగుల హక్కుల చట్టం-2016 కింద తగిన సర్దుబాటు కోసం అభ్యర్థన: ఇంటి నుంచి పని, మూడు నెలల ట్రయల్*

*డియర్ మేడమ్,*

*నేను అకౌంట్స్ పేయబుల్ టీమ్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. కండరాల బలం క్రమంగా తగ్గే దీర్ఘకాలిక సమస్య నాకు ఉంది. డాక్టర్ లెటర్, యూడీఐడీ అప్లికేషన్ రసీదు జత చేస్తున్నాను. ప్రస్తుతం నేను ఆగకుండా సుమారు 50 మీటర్లు నడవగలను, ఐదు నిమిషాలకు మించి నిలబడలేను. గత ఆరు నెలల్లో ఆఫీసు ఆవరణలో రెండుసార్లు పడిపోయాను. కూర్చుని కంప్యూటర్ మీద చేసే పనికి ఇబ్బంది లేదని డాక్టర్ రాశారు.*

*గత నాలుగు వారాల నా పని లెక్క జత చేశాను. 20 పని దినాల్లో 17 రోజులు నా పనికి ఆఫీసులో ఉండాల్సిన అవసరం రాలేదు. మిగతా 3 రోజులు చెక్కులు, ఒరిజినల్ బిల్లులు, ఆడిట్ ఫైళ్ల కోసం అవసరమైంది.*

*అందువల్ల వచ్చే నెల 1వ తేదీ నుంచి మూడు నెలల ట్రయల్‌గా ఇంటి నుంచి పనిచేయడానికి అనుమతి కోరుతున్నాను. చెక్కులు, ఒరిజినల్ బిల్లుల కోసం నెలలో రెండు రోజులు, మేనేజర్‌తో ముందే అనుకున్న తేదీల్లో, రద్దీ లేని 11 నుంచి 4 గంటల మధ్య ఆఫీసుకు వస్తాను. మిగతా పని గంటలు ఆ రోజు ఇంటి నుంచి పూర్తి చేస్తాను. ఆ రోజుల్లో లిఫ్ట్ దగ్గర వాహనం దిగే వీలు, వాష్‌రూమ్‌కు దగ్గరగా ఒక డెస్క్ అవసరం.*

*కాగితం బిల్లులు స్కాన్ చేయడానికి రోజుకు సుమారు 20 నిమిషాల సాయం అవసరమవుతుంది. ఆడిట్ ఫైళ్లు అడిగిన రోజు కూడా అదే సాయం కావాలి. దానికి బదులుగా టీమ్‌లోని నెలాఖరు రికన్సిలియేషన్ పనిలో ఒక భాగం నేను తీసుకోగలను. కంపెనీ ల్యాప్‌టాప్, వీపీఎన్ మీద మాత్రమే పనిచేస్తాను. ఇంట్లో బిల్లులు, రిపోర్టులు ప్రింట్ తీయను.*

*ట్రయల్ ముగిశాక పేమెంట్ల గడువు, ఎంట్రీల్లో తప్పులు, నెలాఖరు క్లోజింగ్ తేదీ, ఈ మూడింటిని ఇప్పటి రికార్డుతో పోల్చి చూడమని కోరుతున్నాను. నా సమస్య పెరిగే స్వభావం ఉన్నది కాబట్టి ఏర్పాటును ప్రతి ఆరు నెలలకు ఒకసారి సమీక్షించమని కూడా కోరుతున్నాను.*

*ఈ ఏర్పాటు కుదరదనుకుంటే కారణం, కుదిరే ప్రత్యామ్నాయం రాతపూర్వకంగా తెలియజేయగలరు. 10 పని దినాల్లో జవాబు ఇవ్వగలిగితే మేలు. నిర్ణయం వచ్చే వరకు నా ఆలస్యాలు, సంబంధిత సెలవులను ఈ అభ్యర్థన వెలుగులో చూడమని మనవి. నా వైద్య వివరాలను గోప్యంగా ఉంచగలరు.*

ఏ వాక్యం ఎందుకు ఉంది

ఈ మెయిల్‌లో నొప్పి, బాధ అన్న మాటలు లేవని గమనించాలి. 50 మీటర్లు, ఐదు నిమిషాలు, రెండుసార్లు అని ఉంది. "చాలా కష్టంగా ఉంది" అంటే చదివినవాళ్లు జాలి పడతారు, తర్వాత ఏం చేయాలో తెలియక పక్కన పెడతారు. 50 మీటర్లు అంటే, పార్కింగ్ నుంచి డెస్క్‌కు ఎంత దూరమో వాళ్లే లెక్కేసుకుంటారు.

జబ్బు పేరు మెయిల్‌లో రాయలేదు, డాక్టర్ లెటర్‌లో ఉంది. మెయిల్‌ను మేనేజర్‌కు, అక్కడి నుంచి ఫైనాన్స్ హెడ్‌కు ఫార్వర్డ్ చేస్తారు. అలా తిరిగే దాంట్లో పని గురించి ఉంటే చాలు. లెటర్‌ను హెచ్ఆర్ మాత్రమే చూడమని అడగవచ్చు. రిష్తాల భయంతో అసలు చెప్పకుండా ఉండే కుటుంబాలకు ఇది మధ్యే మార్గం: ఆఫీసులో ఒకరిద్దరికి తెలుస్తుంది, మొహల్లాకు తెలియదు.

ట్రయల్ అడగడానికి కారణం ఉంది. "ఇకపై ఎప్పటికీ ఇంటి నుంచే" అంటే హెచ్ఆర్ ఆ నిర్ణయం ఒంటరిగా తీసుకోలేరు, పైవాళ్ల దగ్గరికి పంపాలి. మూడు నెలలకు ఒప్పుకోవడం వాళ్లకు తేలిక. ఆ మూడు నెలల రికార్డే తర్వాత ఉద్యోగి తరఫున మాట్లాడుతుంది. అయితే కొలిచే అంశాలు ముందే రాసి ఉండాలి. లేదంటే ట్రయల్ చివర్లో "టీమ్‌తో కలవడం తగ్గింది" లాంటి కొలవలేని కారణంతో ఆపేస్తారు.

ఆరు నెలల సమీక్ష అన్న వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. ఒక కాలు కోల్పోయిన వ్యక్తి అవసరం ఏళ్ల తరబడి దాదాపు ఒకేలా ఉంటుంది. పెరిగే జబ్బుకు అలా కాదు. ఇవాళ నెలకు రెండు రోజులు రాగలిగిన ఉద్యోగిని వచ్చే ఏడాది వీల్‌చెయిర్‌లో ఉండవచ్చు, ఆ తర్వాత మౌస్ పట్టుకోవడం కష్టమై మాటతో టైప్ చేసే సాఫ్ట్‌వేర్ అడగవచ్చు. సమీక్ష ముందే రాసుకుంటే ఆ అడగడం కొత్త గొడవగా ఉండదు, అనుకున్న ప్రకారం జరిగే మాటగా ఉంటుంది.

10 పని దినాలు అన్నది చట్టం పెట్టిన గడువు కాదు. ఉద్యోగి మర్యాదగా పెట్టుకున్న గడువు. అది దాటాక గుర్తు చేస్తూ రెండో మెయిల్ పంపడానికి ఒక తేదీ దొరుకుతుంది, అంతే.

వచ్చే జవాబులు మూడు రకాలు

మొదటిది: "కంపెనీ పాలసీలో వర్క్ ఫ్రమ్ హోమ్ ఎవరికీ లేదు." అందరికీ ఒకే రూల్ అనడం న్యాయంగా వినిపిస్తుంది. కానీ తగిన సర్దుబాటు అన్న మాటకు అర్థమే, సాధారణ రూల్ ఒక మనిషికి అడ్డమైనప్పుడు ఆ ఒక్క మనిషి విషయంలో మార్చడం. దీనికి జవాబుగా ఒకే ప్రశ్న రాయాలి: "నా పోస్టు విషయంలో, నా పని లెక్క చూశాక, ఈ ఏర్పాటు వల్ల ఏ పని ఆగుతుందో తెలియజేయగలరా?" పాలసీ అన్న మాట దాటి హెచ్ఆర్ పని గురించి మాట్లాడటం మొదలుపెడితే సగం దారి వచ్చినట్టే. కంపెనీ ఈక్వల్ ఆపర్చునిటీ పాలసీ కాపీ కూడా ఈ సమయంలోనే అడగాలి.

రెండోది: "ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకురండి." ఇది జాగ్రత్తగా చూడాల్సిన మలుపు. మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లి "ఉద్యోగానికి ఫిట్" అని రాయించుకుంటే, పూర్తిగా ఫిట్ అయితే ఆఫీసుకే రమ్మంటారు. "ఫిట్ కాదు" అని వస్తే ఉద్యోగానికే ముప్పు. సరైన జవాబు రెండింటికీ మధ్య ఉంది: "పేర్కొన్న సర్దుబాట్లతో ప్రస్తుత ఉద్యోగ బాధ్యతలకు ఫిట్." ముందే చూస్తున్న స్పెషలిస్టు చేత ఈ మాటలతోనే రాయించాలి.

మూడోది ఫోన్‌లోనో క్యాబిన్‌లోనో నోటితో వస్తుంది. "కొన్నాళ్లు లీవ్ తీసుకోండి, లేదా మీరే రిజైన్ చేస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం." మొహమాటానికి ఎక్కువ మంది లొంగేది ఇక్కడే. అక్కడికక్కడ అవుననడం, కాదనడం రెండూ అవసరం లేదు. "ఇంట్లో మాట్లాడి చెబుతాను" అని బయటికి వచ్చి, అదే రోజు ఒక చిన్న మెయిల్ పెట్టాలి: "ఇవాళ మధ్యాహ్నం మన మాటల్లో లీవ్ లేదా రాజీనామా సూచించారు. నేను పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాను, నా అభ్యర్థన అలాగే ఉంది. జవాబు కోసం ఎదురుచూస్తున్నాను." ఇందులో ఆరోపణ ఏమీ లేదు. కానీ నోటి మాట తేదీతో సహా కాగితం మీదికి వచ్చింది. రాజీనామా ఒకసారి ఇచ్చాక, అది ఒత్తిడితో ఇచ్చానని రుజువు చేయడం చాలా కష్టం.

ఒప్పుకున్నప్పుడు కూడా చదివి సంతకం పెట్టాలి

అనుమతి లెటర్‌లో మూడు చోట్ల చూపు ఆగాలి. ఒకటి జీతం, హోదా. అదే పని, అవే గంటలు అయినప్పుడు ఇంటి నుంచి పని అనే కారణంతో జీతం తగ్గించే మాట, కన్సల్టెంట్‌గా మార్చే మాట ఉండకూడదు. కన్సల్టెంట్ అయితే పీఎఫ్, గ్రాట్యుటీ లెక్క అక్కడితో ఆగిపోతుంది. రెండు, ఏర్పాటు రద్దు చేసే పద్ధతి. "ఎప్పుడైనా రద్దు చేయవచ్చు" అన్న చోట "కారణం తెలియజేసి, 30 రోజుల ముందు నోటీసుతో" అని మార్చమని అడగవచ్చు. మూడు, అప్రైజల్. ఆఫీసులో కనిపించని ఉద్యోగి రేటింగ్ మెల్లగా పడిపోవడం మామూలే. మెయిల్‌లో రాసిన ఆ మూడు కొలతలనే అప్రైజల్‌కూ వాడాలని లెటర్‌లో ఒక వాక్యం చేర్పించాలి.

కాదన్నప్పుడు

కొన్ని ఉద్యోగాలకు ఈ మెయిల్ సరిపోదు. షోరూం కౌంటర్, ల్యాబ్, గోడౌన్, స్కూలు క్లాస్‌రూం పని ఇంటి నుంచి సాగదు. అక్కడ కంపెనీ కాదనడంలో న్యాయం ఉంటుంది. అప్పుడు అడగాల్సింది వేరే సర్దుబాటు: కూర్చుని చేసే కౌంటర్, గ్రౌండ్ ఫ్లోర్ క్లాస్, షిఫ్ట్ సమయం మార్పు, బ్యాక్ ఆఫీసుకు బదిలీ. మెయిల్ పద్ధతి మాత్రం అదే: ఏది చేయగలను, ఏది చేయలేను, ఏం మారిస్తే పని సాగుతుంది.

పని ఇంటి నుంచి సాగుతుందని లెక్క చూపినా కారణం లేకుండా కాదంటే, లేదా జవాబే ఇవ్వకపోతే, లయజన్ ఆఫీసర్‌కు రాయాలి. ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గర అర్జీ పెట్టవచ్చు. లాయర్ లేకుండా ఉద్యోగే స్వయంగా పెట్టుకోవచ్చు. అర్జీతో పాటు ఇవ్వాల్సినవి ఇప్పటికే చేతిలో ఉన్నవే: మొదటి మెయిల్, పని లెక్క, డాక్టర్ లెటర్, వచ్చిన జవాబులు. విచారణ కోసం కమిషనర్ ఎదుటి పక్షాన్ని పిలిపించవచ్చు, రికార్డులు తెప్పించవచ్చు. ఇచ్చే సిఫారసు మీద ఏం చేశారో, ఒప్పుకోకపోతే ఎందుకో మూడు నెలల్లో తెలియజేయాలని చట్టంలో ఉంది.

పరిమితి కూడా తెలిసి ఉండాలి. కమిషనర్ ఇచ్చేది సిఫారసు, కోర్టు డిక్రీ కాదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది గానీ, పెద్ద కంపెనీకి మొదటి జరిమానా లెక్కలోకి రాదు. అర్జీ పెట్టాక అక్కడే పనిచేయడం ఎలా ఉంటుందన్నది ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకోవాల్సిన విషయం. అందుకే చాలా కేసుల్లో అసలు ఫలితం మొదటి మెయిల్ దగ్గరే తేలుతుంది.

ఇప్పటికే వార్నింగ్ లెటర్ వచ్చిన వాళ్లకు దారి మూసుకుపోలేదు. ఆ లెటర్‌కు జవాబుగా "ఈ ఆలస్యాలకు కారణం ఇది, పరిష్కారంగా ఇది అడుగుతున్నాను" అని ఇదే మెయిల్ పంపాలి. అయితే తేదీల క్రమం మారదు, ప్రశ్నలు ఎక్కువ ఎదురవుతాయి. ఇంకా ఆ లెటర్ రాని వాళ్లు పని లెక్క నోట్‌బుక్‌ను వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు. నాలుగు వారాల్లో మెయిల్ సిద్ధమవుతుంది.